మేనేజర్‌కి వారం వారం పంపే స్టేటస్ మెయిల్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ నేను మనసులో పెట్టుకున్న పరిస్థితి ఒకటే. హైదరాబాద్‌లో ఐదారుగురి టీమ్, మీరు ఆ టీమ్ లీడ్, మేనేజర్ డాలస్‌లో, శుక్రవారం సాయంత్రం మీరు ఒక మెయిల్ పంపాలి. మేనేజర్ పక్క క్యాబిన్‌లోనే ఉన్నా ఇందులో చాలావరకు అలాగే పనికొస్తుంది, టైమ్ గురించి చెప్పింది తప్ప.

ఇంత వివరంగా రాసినా మేనేజర్ మళ్లీ కాల్ చేసి "ఏంటి పరిస్థితి?" అని ఎందుకు అడుగుతారు?

ఎందుకంటే ఆయనకి కావాల్సింది అందులో ఉంది కానీ కనపడలేదు. మేనేజర్ దగ్గరికి అలాంటి మెయిల్స్ మీ ఒక్కరి నుంచే రావు, మీలాంటి నలుగురైదుగురు లీడ్స్ నుంచి వస్తాయి, అవి చదివేది కూడా ఎక్కువగా ఫోన్‌లోనే, ఒక మీటింగ్‌కీ ఇంకో మీటింగ్‌కీ మధ్య. ఫోన్ తెరిస్తే ఇన్‌బాక్స్‌లో కనిపించేది సబ్జెక్ట్, దాని కింద మెయిల్ మొదటి వాక్యం, అంతే. ఆ మొదటి వాక్యం "ఈ వారం స్టేటస్ కింద ఇస్తున్నాను, దయచేసి చూడగలరు" అని ఉంటే ఆ చోటు మొత్తం వృథా అయినట్టే. మెయిల్ తెరిచినా మొదటి స్క్రీన్ దాటి కిందికి వెళ్తారని నమ్మకం లేదు. మీరు పదమూడో పాయింట్‌లో "నెట్‌వర్క్ టీమ్ నుంచి అనుమతి రావాల్సి ఉంది" అని రాసి, చెప్పేశానులే అనుకుంటే, ఆయన మాత్రం నిజంగానే చూసి ఉండరు.

అందుకే మెయిల్ రాసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది చదివాక ఆయన ఏం చేయాలి? ఏదైనా చేయాల్సి ఉంటే అది మొదటి వాక్యం. ఏమీ చేయక్కర్లేకపోతే "ఈ వారం మీ నుంచి ఏమీ అక్కర్లేదు" అన్నదే మొదటి వాక్యం, అది కూడా ఆయనకి చాలా పెద్ద సమాచారం.

అంటే చేసిన పని ముందు రాయకూడదా? టీమ్ కష్టపడింది కదా.

రాయాలి, కానీ మూడో స్థానంలో. నేను వాడే వరస ఇది: ముందు మేనేజర్ నుంచి కావాల్సినవి, తర్వాత ఆగిపోయినవి, తర్వాత పూర్తయినవి, చివర వచ్చే వారం పని. చాలామంది సరిగ్గా తిరగేసి రాస్తారు, జరిగింది జరిగినట్టు సోమవారం నుంచి మొదలుపెట్టి, అడగాల్సింది ఆఖరున మొహమాటంగా ఒక ముక్క. మనవాళ్లకి ఈ మొహమాటం కొంచెం ఎక్కువే, పైవాళ్లని మొదటి మాటలోనే ఏదైనా అడగడం మర్యాద కాదనిపిస్తుంది. స్టేటస్ మెయిల్‌లో మాత్రం అడగాల్సింది పైన పెట్టడమే మర్యాద, వెతుక్కునే పని ఆయనకి తప్పించారు కాబట్టి.

పూర్తయిన పని కిందికి వెళ్తే టీమ్‌కి పేరు రాదేమో అని భయపడక్కర్లేదు. పైన రెండు భాగాలూ పొట్టిగా ఉంటే అది కూడా మొదటి స్క్రీన్‌లోనే కనపడుతుంది.

ఒక మెయిల్ మొత్తం చూపించండి, అప్పుడు అర్థమవుతుంది.

సరే, ఒక పని అనుకుందాం. కంపెనీ తన సప్లయర్లకి డబ్బు పంపే పద్ధతి మారుస్తోంది, పాత బ్యాంకు సిస్టమ్ నుంచి కొత్తదానికి. మొత్తం ఆరు రకాల పేమెంట్ ఫైళ్లు తయారుచేసి బ్యాంకుకి ఎస్‌ఎఫ్‌టీపీ ద్వారా పంపాలి. యూజర్ల టెస్టింగ్, అంటే యూఏటీ, జూలై 27 సోమవారం మొదలవ్వాలి. ఈరోజు జూలై 17 శుక్రవారం. ఆఫీసులో ఈ మెయిల్ ఇంగ్లీషులోనే వెళ్తుంది, ఇక్కడ చదవడానికి వీలుగా తెలుగులో రాస్తున్నాను.

> సబ్జెక్ట్: వెండర్ పేమెంట్స్, జూలై 17, అంబర్: బుధవారం లోపు మీ నిర్ణయం కావాలి
>
> మీ నుంచి కావాల్సింది: యూఏటీని జూలై 27న ఐదు ఫైళ్లతో మొదలుపెట్టాలా, లేక ఆరోది వచ్చేదాకా ఆగి ఆగస్టు 3న అన్నీ కలిపి మొదలుపెట్టాలా? జూలై 22 బుధవారం, మీ సాయంత్రం లోపు చెప్పండి. ఐదింటితో మొదలుపెట్టడమే మంచిదని మా అభిప్రాయం. ఆరోది ట్యాక్స్ ఫైలు, నెలకోసారే వాడతారు, దాని కొత్త లేఅవుట్ బ్యాంకు జూలై 28న ఇస్తానంది.
>
> ఆగింది: బ్యాంకు ఎస్‌ఎఫ్‌టీపీ సర్వర్‌కి కనెక్షన్ లేదు. మన ఫైర్‌వాల్‌లో అనుమతి కోసం నెట్‌వర్క్ టీమ్‌కి 14న టికెట్ పెట్టాం, 16న గుర్తుచేశాం, సోమవారానికి ఇస్తామన్నారు. 22 సాయంత్రానికి రాకపోతే 27న యూఏటీ మొదలవదు, ఎందుకంటే కనెక్షన్ టెస్టింగ్‌కి రెండు రోజులు కావాలి. ప్రస్తుతం మీరు ఏమీ చేయక్కర్లేదు. సోమవారం రాకపోతే మంగళవారం మీ సాయం అడుగుతాను.
>
> పూర్తయింది: ఆరింటిలో నాలుగు ఫైళ్లు బ్యాంకు వాలిడేషన్ పాసయ్యాయి (పోయిన వారం రెండు). ఐదోది టెస్టింగ్‌లో ఉంది, మంగళవారానికి అయిపోతుంది.
>
> వచ్చే వారం: ఐదో ఫైలు పూర్తి, కనెక్షన్ టెస్ట్, యూఏటీ యూజర్లకి డెమో.

ఇంతే. ఇది నిమిషం లోపు చదివేయొచ్చు, ఆ సబ్జెక్ట్ ఒక్కటి చూసినా ఆయనకి నాలుగు సంగతులు తెలిసిపోతాయి: ఏ ప్రాజెక్టు, ఎలా ఉంది, తను ఏం చేయాలి, ఎప్పటిలోగా.

ఇందులో లేనివి కూడా చూడండి. ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో లేదు, ఎన్ని మీటింగులు జరిగాయో లేదు, జిరా టికెట్ నంబర్ల వరస లేదు. అవి కావాలనుకునేవాళ్ల కోసం అడుగున బోర్డు లింకు ఒకటి పెడితే చాలు.

మేనేజర్‌ని అడిగేది ఎలా రాయాలి? "దయచేసి సపోర్ట్ చేయండి" అని రాస్తే ఎవరూ పట్టించుకోవడం లేదు.

"సపోర్ట్ చేయండి" అంటే ఏం చేయాలో ఆయనకి తెలియదు. ఎవరికి ఫోన్ చేయాలి? డబ్బు శాంక్షన్ చేయాలా? తేదీ మార్చాలా? అడిగేదానిలో నాలుగు ఉండాలి: ఆయన చేయాల్సిన పని ఏంటి, ఎప్పటిలోగా, మీరేం అనుకుంటున్నారు, చెప్పకపోతే ఏమవుతుంది. పై మెయిల్‌లో మొదటి మూడూ స్పష్టంగా ఉన్నాయి. నాలుగోది, అంటే "మీరు చెప్పకపోతే ఐదు ఫైళ్లతో మొదలుపెట్టేస్తాం" అన్నది, నేను కావాలనే రాయలేదు. యూఏటీ పరిధి తగ్గించడమంటే బిజినెస్ వాళ్లతో ముందు ఒప్పుకున్న మాట మార్చడం, అది మౌనాన్ని అంగీకారంగా తీసుకుని చేసే పని కాదు. డెమో బుధవారమా గురువారమా లాంటి, తర్వాత మార్చుకోగలిగిన చిన్న విషయాలకైతే "సోమవారం లోపు వేరేలా చెప్పకపోతే గురువారం పెట్టేస్తాం" అని నిశ్చింతగా రాయొచ్చు, దానివల్ల ఇద్దరికీ ఒక మెయిల్ మిగులుతుంది.

మీ అభిప్రాయం రాయడం మాత్రం మానొద్దు. రెండు దారులు చూపించి ఏది మంచిదో చెప్పకుండా వదిలేస్తే ఆయన మళ్లీ మిమ్మల్నే "నువ్వేమంటావ్?" అని అడుగుతారు, ఆ ఒక్క ప్రశ్నా జవాబూ అటూ ఇటూ వెళ్లేసరికి డాలస్‌కీ హైదరాబాద్‌కీ మధ్య ఒక రోజు పోతుంది.

ఇంకోటి, ఒక మెయిల్‌లో రెండుకి మించి అడగకండి. ఐదు అడిగితే తేలిగ్గా ఉన్నదానికి జవాబిచ్చి మిగతావి తర్వాత చూద్దామని పక్కన పెడతారు, ఆ మిగిలినదాంట్లోనే మీకు నిజంగా కావాల్సింది ఉంటుంది.

బ్లాకర్ అని దేన్ని అనాలి? మా టీమ్‌లో ప్రతిదీ బ్లాకరే.

పని నిజంగా ఆగిపోయి, దాన్ని కదిలించడం మీ టీమ్ చేతుల్లో లేకపోతేనే బ్లాకర్. కోడ్‌లో బగ్ దొరకడం లేదు, ఇంకా వెతుకుతున్నాం అంటే అది కష్టమైన పని, బ్లాకర్ కాదు. ఆగస్టులో ఒకరు పెళ్లికి రెండు వారాలు సెలవు పెడతారు అంటే అది ముందున్న రిస్క్, ఇంకా ఏదీ ఆగలేదు. ఈ మూడింటినీ ఒకే శీర్షిక కింద పోస్తే నాలుగో వారానికి మేనేజర్ ఆ శీర్షికనే చదవడం మానేస్తారు, నిజమైన బ్లాకర్ వచ్చిన రోజు దాన్ని చూసేవాళ్లు ఉండరు.

బ్లాకర్ రాసేటప్పుడు ఏం ఆగింది, ఎవరి దగ్గర ఉంది, ఎప్పటి నుంచి, మీరు ఇప్పటిదాకా ఏం చేశారు, ఏ తేదీ దాటితే అసలు డేట్‌కి దెబ్బ తగులుతుంది, ఇవి ఉండాలి. ఆఖరిదే అన్నిటికంటే ముఖ్యం, అదే ఎక్కువగా వదిలేస్తారు. "ఫైర్‌వాల్ అనుమతి పెండింగ్" అంటే ఆయనకి అది అర్జెంటో కాదో తెలియదు. "22 సాయంత్రానికి రాకపోతే 27న మొదలవదు" అంటే తెలుస్తుంది. ఆ తేదీ ఎలా వచ్చిందో చూడండి: 27 సోమవారం, అంతకు ముందు శని ఆదివారాలు, కనెక్షన్ టెస్టింగ్‌కి గురు శుక్రవారాలు కావాలి, కాబట్టి బుధవారమే ఆఖరు. ఇలా వెనక నుంచి లెక్కేసుకుంటే చాలాసార్లు మీకే ఆశ్చర్యంగా ఉంటుంది, ఇంకా టైమ్ ఉందనుకున్నది నిజానికి ఎల్లుండే అని బయటపడుతుంది.

ఆలస్యం వేరే టీమ్ వల్ల. వాళ్ల పేరు రాయాలా? గొడవ అవుతుందేమో.

టీమ్ పేరు, టికెట్ నంబర్, తేదీలు రాయండి. మనిషి పేరూ విశేషణాలూ వద్దు. "14న టికెట్ పెట్టాం, 16న గుర్తుచేశాం, సోమవారానికి ఇస్తామన్నారు" అన్నదాంట్లో నింద లేదు, జరిగింది ఉంది. "ఎన్నిసార్లు అడిగినా నెట్‌వర్క్ టీమ్ స్పందించడం లేదు" అని రాస్తే, ఆ మెయిల్‌ని మీ మేనేజర్ వాళ్ల మేనేజర్‌కి అలాగే ఫార్వర్డ్ చేస్తే ఏమవుతుందో ఊహించుకోండి. స్టేటస్ మెయిల్ ఫార్వర్డ్ అవుతుందనే అనుకుని రాయాలి, అవుతుంది కూడా.

పంపే ముందు ఆ టీమ్‌లో మీకు తెలిసినతనికి చాట్‌లో ఒక్క మాట చెప్పండి: "బ్రదర్, మా స్టేటస్‌లో ఈ టికెట్ గురించి రాస్తున్నా, సోమవారం అనే వేశాను, సరేనా?" చాలాసార్లు ఆ ఒక్క మెసేజ్‌కే టికెట్ కదులుతుంది. కదలకపోయినా రేపు అతనికి మీ మీద కోపం ఉండదు. వాళ్ల పెద్దవాళ్లని సీసీలో పెట్టడం మాత్రం స్టేటస్ మెయిల్‌లో చేయకండి, ఎస్కలేషన్ చేయాల్సి వస్తే అది వేరే మెయిల్, మీ మేనేజర్‌కి చెప్పి చేసేది.

పూర్తయిన పనిని శాతాల్లో రాయొచ్చా?

వద్దనే అంటాను. "80 శాతం అయింది" అని ఈ వారం, "90 శాతం" అని వచ్చే వారం, "95" అని ఆ తర్వాత వారం, ఇలా నెల గడుస్తుంది. ఆ శాతం దేంట్లో శాతమో రాసినవాళ్లకే తెలియదు. లెక్కపెట్టగలిగినది రాయండి: ఆరింటిలో నాలుగు ఫైళ్లు పాసయ్యాయి, పోయిన వారం రెండే. ఇందులో ఎంత అయిందో తెలుస్తోంది, ఏ వేగంతో వెళ్తున్నారో కూడా తెలుస్తోంది. "పాసవడం" అంటే ఏంటో కూడా ఒక్కటే అర్థం ఉండాలి, ఇక్కడ బ్యాంకు వాలిడేషన్ దాటడం. "కోడ్ అయిపోయింది, టెస్టింగ్ మిగిలింది" అన్నదాన్ని పూర్తయిన వాటిలో కలపకండి.

గ్రీన్, అంబర్, రెడ్ ఎలా నిర్ణయించాలి?

టీమ్ మూడ్‌ని బట్టి కాదు, డేట్‌ని బట్టి. నేను పెట్టుకున్నది ఇలా: ఎవరి సాయం లేకుండా చెప్పిన తేదీకి చెప్పిన పని ఇస్తాం అంటే గ్రీన్. ఏదో ఒకటి జరిగితేనే, అంటే ఒక అనుమతో నిర్ణయమో వస్తేనే ఆ తేదీ నిలుస్తుంది అంటే అంబర్. ఏం చేసినా ఇప్పుడున్న ప్లాన్‌తో ఆ తేదీ దాటిపోతుంది అంటే రెడ్. మన ఉదాహరణ అంబర్ అందుకే, రెండు విషయాల మీద ఆధారపడి ఉంది. అవి ఏంటో మెయిల్‌లో ఉన్నాయి, ఉండాలి కూడా. అంబర్ అని రాసి ఏం జరిగితే గ్రీన్ అవుతుందో రాయకపోతే ఆ రంగుకి అర్థం లేదు. మీ కంపెనీలో ఈ రంగులకి వేరే నిర్వచనం ఉంటే అదే వాడండి, కానీ ఒకసారి మేనేజర్‌తో కూర్చుని ఇద్దరికీ ఒకే అర్థం ఉందా అని మాట్లాడుకోండి.

ఆఫీసుల్లో పుచ్చకాయ స్టేటస్ అనే మాట వాడుకలో ఉంది, బయట పచ్చగా, కోస్తే లోపల ఎర్రగా. ఇది అబద్ధం చెప్పాలని ఎవరో కూర్చుని చేసేది కాదు. డెవలపర్ "కొంచెం టెన్షన్‌గా ఉంది కానీ అయిపోతుంది" అంటాడు, లీడ్ దాన్ని గ్రీన్ అని రాస్తాడు, మేనేజర్ పైకి "అంతా బాగుంది" అని చెప్తారు. ఒక్కో మెట్టు దగ్గరా కాస్త కాస్త తగ్గుతూ పోతుంది. దాన్ని పట్టుకోవడానికి ఒక గుర్తు ఉంది: వరసగా మూడు నాలుగు వారాలు గ్రీన్, కానీ "వచ్చే వారం" కింద రాసిన పనే మళ్లీ మళ్లీ వచ్చే వారానికి జరుగుతుంటే అది గ్రీన్ కాదు. మీ పోయిన వారం మెయిల్ పక్కన పెట్టుకుని కొత్తది రాయండి, ఇది మీకే ముందు కనపడుతుంది.

రెడ్ అని రాయడానికి భయంగా ఉంది.

భయం సహజమే, కానీ రెడ్ మొదటిసారి మెయిల్‌లో కనపడకూడదు. అంతకు ముందే ఫోన్ చేసి చెప్పండి, "ఈ వారం రెడ్ పెడుతున్నాను, కారణం ఇది, బయటికి రావడానికి మా ప్లాన్ ఇది" అని. ఆయన తన పైవాళ్లకి చెప్పుకోవడానికి కొంత టైమ్ దొరుకుతుంది. చాలామంది మేనేజర్లకి కోపం వచ్చేది రెడ్ మీద కాదు, పోయిన వారం గ్రీన్ ఉన్నది ఈ వారం నేరుగా రెడ్ అవడం మీద.

మంగళవారం బ్లాకర్ వస్తే శుక్రవారం దాకా ఆగాలా?

ఆగకండి. అప్పుడే చాట్‌లోనో ఫోన్‌లోనో చెప్పండి. శుక్రవారం మెయిల్‌లో అది మళ్లీ ఉంటుంది, కానీ అక్కడ అది కొత్త వార్త కాకూడదు.

ఏ టైమ్‌కి పంపాలి?

డాలస్‌లో ఉన్న మేనేజర్‌కైతే శుక్రవారం మన సాయంత్రం ఐదున్నరకి. వేసవిలో మనకీ వాళ్లకీ తేడా పదిన్నర గంటలు, అంటే అప్పుడు అక్కడ శుక్రవారం ఉదయం ఏడు. రోజంతా ఆయన చేతిలో ఉంటుంది, సోమవారం ఉదయం మీరు వచ్చేసరికి జవాబు మీ ఇన్‌బాక్స్‌లో ఉంటుంది. నవంబర్ మొదట్లో అక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి జరిగాక తేడా పదకొండున్నర అవుతుంది, అప్పుడు ఇదే టైమ్ వాళ్లకి ఉదయం ఆరు, అయినా ఫర్వాలేదు.

సోమవారం ఉదయం తీరిగ్గా పది గంటలకి పంపుదాం అనుకుంటే వేసవిలో అక్కడ ఇంకా ఆదివారం రాత్రి పదకొండున్నర. ఆయన ఆఫీసుకి వచ్చి చూసి జవాబిచ్చేసరికి మనకి సోమవారం రాత్రి, మీరు చదివేది మంగళవారం ఉదయం. అదే మెయిల్, అవే మాటలు, ఒక పనిదినం ఊరికే పోయింది. గడువులు రాసేటప్పుడు కూడా "బుధవారం లోపు" అని వదిలేయకుండా ఎవరి బుధవారమో రాయండి. వాళ్ల బుధవారం సాయంత్రం ఐదంటే మనకి గురువారం తెల్లవారుజాము మూడున్నర, మీ ప్లాన్ దాన్ని బట్టి ఉండాలి.

శుక్రవారం కూర్చుంటే వారం మొత్తం ఏం చేశామో గుర్తుకు రాదు, గంటన్నర పడుతోంది.

వారం మొదట్లోనే వచ్చే శుక్రవారం మెయిల్‌ని డ్రాఫ్ట్‌గా తెరిచి పెట్టుకోండి, నాలుగు శీర్షికలతో. ఏదైనా ఆగినప్పుడు ఆ నిమిషంలోనే తేదీతో సహా ఒక వాక్యం అందులో వేయండి. టికెట్ పెట్టిన తేదీ, గుర్తుచేసిన తేదీ శుక్రవారం వెతుక్కోవడానికే సగం టైమ్ పోతుంది. గురువారం స్టాండప్‌లో టీమ్‌ని ఒకటే అడగండి: "మేనేజర్‌కి చెప్పాల్సింది ఏమైనా ఉందా?" ఇక శుక్రవారం మిగిలేది కొట్టేయడమే. రాసింది చదువుతూ ప్రతి వాక్యానికీ ఇది లేకపోతే ఆయనకి ఏం నష్టం అని చూసుకోండి, సగానికి సగం పోతుంది.

ఈ వారం చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు. పంపాలా?

పంపండి, రెండు లైన్లు చాలు. "మీ నుంచి ఏమీ అక్కర్లేదు. నెలాఖరు ప్రొడక్షన్ సపోర్ట్ వల్ల ఐదో ఫైలు కదలలేదు, మంగళవారం తేదీ మాత్రం మారలేదు." పంపకపోతే ఆయన ఏదో తేడాగా ఉందని అనుకుంటారు.

మా మేనేజర్‌కి ఎక్సెల్ టెంప్లేట్ ఉంది, పదిహేను కాలమ్స్, అదే నింపమంటారు.

నింపండి, దాని మీద వాదన వద్దు. ఆ షీటు ఆయన పైవాళ్లకి ఇంకెక్కడో పనికొస్తుంది. కానీ దాన్ని అటాచ్ చేసే మెయిల్ ఖాళీగా "పీఎఫ్ఏ" అని పంపకుండా, పైన చెప్పిన మొదటి రెండు భాగాలు, మీ నుంచి కావాల్సింది, ఆగింది, ఆ మెయిల్‌లోనే రాయండి. కొన్ని వారాల తర్వాత ఆయన మిమ్మల్ని అడిగే ప్రశ్నలు షీటు గురించా, మెయిల్ గురించా అని గమనించండి. మెయిల్ గురించే అయితే అప్పుడు అడగొచ్చు, "ఈ కాలమ్స్‌లో మీరు చూసేవి ఏవి, మిగతావి తీసేద్దామా?" అని.